కరౌసెల్‌ని పీడీఎఫ్‌గా తీయాలా, ఇమేజీలుగా తీయాలా? పోస్ట్ చేసే ముందు సైజు, స్పష్టత, వరుస చూసుకునే పద్ధతి

లింక్డ్‌ఇన్‌లో పేజీలు పక్కకు జరుపుకుంటూ చదివే పోస్టు పెట్టాలంటే పీడీఎఫ్ కావాలి. ఇన్‌స్టాగ్రామ్ పీడీఎఫ్‌ని అసలు తీసుకోదు, విడివిడి ఇమేజీలే ఇవ్వాలి. ఒక్క చోటే పోస్ట్ చేసేవాళ్లకు సగం ప్రశ్న ఇక్కడే తీరిపోతుంది. అసలు చిక్కు రెండు చోట్లా పెట్టేవాళ్లది. వాళ్లు ఒకే డిజైన్‌ని రెండు రకాలుగా బయటికి తీస్తారు. ఒకదానిలో అక్షరాలు చక్కగా వస్తాయి, ఇంకోదానిలో మసకబారతాయి. ఒక ఫైలు నలభై ఎంబీ ఉంటుంది, ఇంకోటి రెండు ఎంబీ కూడా ఉండదు. ఎక్కడ తేడా వచ్చిందో అర్థం కాదు.

ఈ వ్యాసంలో ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. 1080×1350 పిక్సెళ్ల సైజులో పన్నెండు స్లైడ్లు ఉన్నాయి. మొదటి స్లైడ్‌లోనూ ఏడో స్లైడ్‌లోనూ పేజీ నిండా ఫొటో ఉంది. మిగతా పదీ రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద తెలుగు అక్షరాలే. ఇది లింక్డ్‌ఇన్‌కీ వెళ్లాలి, ఇన్‌స్టాగ్రామ్‌కీ వెళ్లాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఏ ఫార్మాట్ మంచిది అని అడిగే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఎక్కడ పెడుతున్నారు. దీని మీద వాదన లేదు, ఆ వేదిక ఏది తీసుకుంటే అదే ఇవ్వాలి. లింక్డ్‌ఇన్ డాక్యుమెంట్ పోస్టుకి 100 ఎంబీ, 300 పేజీల వరకు అనుమతి ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 2024 నుంచి ఒక పోస్టులో 20 ఫొటోల దాకా పెట్టొచ్చు. లింక్డ్‌ఇన్‌లో చాలా ఇమేజీలు ఒకేసారి అప్‌లోడ్ చేస్తే అవి జరిపి చూసే పేజీలుగా రావు, పక్కపక్కన గళ్లలా అమరిపోతాయి. ఇమేజీలతోనే కరౌసెల్ పెట్టుకునే సదుపాయం అక్కడ కొన్నాళ్లు ఉండేది కానీ 2023లో తీసేశారు. పాత సలహాలు చదివి ఆ బటన్ కోసం వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

రెండోది, స్లైడ్లలో ఉన్నది అక్షరాలా, ఫొటోలా. ఫైలు సైజునీ, ఏ ఇమేజ్ రకం తీయాలన్నదాన్నీ ఎక్కువగా నిర్ణయించేది ఇదే.

మూడోది, తప్పు దొరికితే ఏం చేయగలరు. లింక్డ్‌ఇన్‌లో పోస్ట్ చేశాక పైన రాసిన మాటలు మార్చుకోవచ్చు కానీ డాక్యుమెంట్‌ని మార్చలేరు. పోస్టు తీసేసి మళ్లీ పెట్టాల్సిందే, అప్పటిదాకా వచ్చిన కామెంట్లు పోతాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో కరౌసెల్ నుంచి ఒక ఫొటోని తీసేయొచ్చు గానీ దాని స్థానంలో సరిచేసిన ఫొటో పెట్టలేరు.

నాలుగోది చాలామందికి తట్టదు. ఫైలు ఎవరి చేతికి వెళ్తోంది? లింక్డ్‌ఇన్‌లో డాక్యుమెంట్‌ని చూసేవాళ్లు డౌన్‌లోడ్ చేసుకోగలరు. అంటే మీరిచ్చిన పీడీఎఫ్ వాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్తుంది. ఇమేజీల విషయంలో కనిపించేదే వెళ్తుంది, పీడీఎఫ్ విషయంలో కనిపించనిది కూడా వెళ్లొచ్చు. దీని సంగతి కింద చెప్తాను.

| చూడాల్సింది | మామూలు పీడీఎఫ్ | ఇమేజీలతో చేసిన పీడీఎఫ్ | పీఎన్‌జీ | జేపీజీ |
|---|---|---|---|---|
| లింక్డ్‌ఇన్‌లో జరిపి చదవడం | కుదురుతుంది | కుదురుతుంది | కుదరదు | కుదరదు |
| ఇన్‌స్టాగ్రామ్ | కుదరదు | కుదరదు | కుదురుతుంది | కుదురుతుంది |
| అక్షరాల అంచులు | ఎంత పెద్దది చేసినా పదును | ఇమేజ్ సైజును బట్టి | పదును | క్వాలిటీ తగ్గిస్తే చెదురుతాయి |
| ఫొటోలు ఉంటే సైజు | ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్‌ని బట్టి | లోపలి ఇమేజీలను బట్టి | పెద్దది | చిన్నది |
| పేజీల వరుస | ఫైలులోనే స్థిరం | ఫైలులోనే స్థిరం | ఎంచుకునేటప్పుడు తారుమారు కావొచ్చు | ఎంచుకునేటప్పుడు తారుమారు కావొచ్చు |
| దాచినవి బయటపడే ప్రమాదం | ఉంది | లేదు | లేదు | లేదు |

## మామూలు పీడీఎఫ్: అక్షరం బొమ్మ కాదు, గీత

డిజైన్ టూల్ నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్‌లో అక్షరాలు పిక్సెళ్లుగా ఉండవు, ఆకారపు గీతలుగా ఉంటాయి. అందుకే పీడీఎఫ్ తెరిచి నాలుగు వందల శాతం జూమ్ చేసినా అక్షరం అంచు పదునుగానే ఉంటుంది. అక్షరాలకు రిజల్యూషన్ అనేది లేదు. పీడీఎఫ్‌లో రిజల్యూషన్ అనే మాట అందులో పెట్టిన ఫొటోలకే వర్తిస్తుంది.

ఇక్కడే సైజు పెరిగిపోతుంది. కాన్వాలో పీడీఎఫ్ రెండు రకాలు: `PDF Standard`, `PDF Print`. మొదటిది 96 డీపీఐ, రెండోది 300 డీపీఐ. పెద్ద అంకె కదా అని చాలామంది రెండోది ఎంచుకుంటారు. లెక్క వేసి చూద్దాం. అంగుళానికి 96 పిక్సెళ్ల చొప్పున 1080 పిక్సెళ్ల వెడల్పు అంటే 11.25 అంగుళాలు. ఆ 11.25 అంగుళాలను 300 డీపీఐలో నింపాలంటే ఫొటో వెడల్పు 3375 పిక్సెళ్లు ఉండాలి. నిలువు కూడా అలాగే పెరుగుతుంది కాబట్టి మొత్తం మీద దాదాపు పది రెట్లు పిక్సెళ్లు. ప్రింటింగ్ ప్రెస్‌కి పంపడానికైతే అవి అవసరం. ఫోన్‌లో చూసే పోస్టుకి ఆ బరువు మోయడం దండగ.

మన ఉదాహరణలో ఫొటోలు రెండే, అయినా `PDF Print`లో ఫైలు నలభై ఎంబీ వచ్చిందనుకుందాం. రెండు ఫొటోలకు అంత రాకూడదు. ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది బ్యాక్‌గ్రౌండ్‌నే. కాగితం గరుకుదనం కోసం అన్ని స్లైడ్లకూ ఒక సన్నటి గింజల టెక్స్చర్ పెట్టి ఉంటారు. కంటికి అది దాదాపు కనిపించదు. ఫైలుకి మాత్రం అది పేజీ నిండా ఉన్న మరో ఫొటో, పైగా ప్రతి పిక్సెల్ పక్కదానికంటే కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి సరిగా కుదించడానికి లొంగదు. అంటే మీ లెక్కలో ఫొటోలు రెండు, ఫైలు లెక్కలో పద్నాలుగు. టెక్స్చర్‌ని మొదటి స్లైడ్‌కి మాత్రమే ఉంచి మిగతా వాటికి ఒకే రంగు పెడితే చాలు, సైజు ఒక్కసారిగా పడిపోతుంది.

కమాండ్లు వాడే అలవాటు ఉన్నవాళ్లకు పాప్లర్ అనే ఉచిత టూల్స్ సెట్టు ఈ పని సులువు చేస్తుంది.

```
pdfinfo -f 1 -l 12 deck.pdf
pdfimages -list deck.pdf
pdffonts deck.pdf
```

మొదటి కమాండ్ మొత్తం పేజీలెన్నో, ఒక్కో పేజీ సైజెంతో, ఫైలు బరువెంతో చూపిస్తుంది. పన్నెండింటిలో ఒక పేజీ సైజు తేడాగా ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది. వేరే డిజైన్ నుంచి కాపీ చేసి తెచ్చుకున్న స్లైడ్ ఉంటే ఈ తేడా వస్తుంది. పేజీల సైజులు కలవకపోతే జరిపేటప్పుడు ఆ ఒక్క పేజీకి పక్కన ఖాళీ పట్టీలు కనిపిస్తాయి.

రెండో కమాండ్ లోపలున్న ప్రతి ఇమేజ్‌నీ పేజీ నంబరుతో సహా వరుసగా చూపిస్తుంది. `x-ppi` అనే గడిలో 300 కనిపిస్తే బరువు ఎక్కడిదో తెలిసిపోయినట్టే. 96 అంటే ఫొటో సరిగ్గా 1080 పిక్సెళ్ల వెడల్పుకి సరిపోతుంది. 50, 60 లాంటి అంకె వస్తే చిన్న ఫొటోని సాగదీసి పెట్టారని అర్థం. దాన్ని ఏ ఎక్స్‌పోర్ట్ సెట్టింగూ బాగు చేయలేదు, అసలు ఫొటోనే పెద్దది తెచ్చుకోవాలి.

మూడోది ఫాంట్ల కోసం. తెలుగులో పోస్టులు పెట్టేవాళ్లు దీన్ని వదలకూడదు. `emb` గడిలో `yes` ఉంటే ఫాంట్ ఫైలులోనే ఇమిడి ఉంది. `no` ఉంటే తెరిచే చోట ఉన్న వేరే ఫాంట్ పడుతుంది. ఇంగ్లిష్‌లో అయితే అక్షరం తీరు మారుతుందంతే. తెలుగులో ఒత్తులు పక్కకు పోతాయి, గుణింతాలు విడిపోతాయి, లేదంటే ఖాళీ డబ్బాలు వస్తాయి. డిజైన్ టూల్స్ ఇచ్చే పీడీఎఫ్‌లలో మామూలుగా ఈ ఇబ్బంది రాదు. ఇది ఎక్కువగా వచ్చేది పవర్‌పాయింట్ ఫైలుని పీడీఎఫ్ చేయకుండా నేరుగా అప్‌లోడ్ చేసినప్పుడు. లింక్డ్‌ఇన్ ఆ ఫైలుని తీసుకుంటుంది, కానీ మీ కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంట్ వాళ్ల సర్వర్‌లో ఉంటుందన్న హామీ లేదు. పవర్‌పాయింట్‌లో తయారు చేసుకోండి, అప్‌లోడ్ మాత్రం పీడీఎఫే చేయండి.

ఇక ఇందాక వాయిదా వేసిన సంగతి. మామూలు పీడీఎఫ్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టినవన్నీ పొరలుగా అలాగే ఉంటాయి. ఎవరి ఫోన్ నంబరు మీదో నల్ల డబ్బా పెట్టి మూసేశారనుకోండి. చూసేటప్పుడు డబ్బానే కనిపిస్తుంది. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు ఆ చోట మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ కొడితే నంబరు వచ్చేస్తుంది. స్క్రీన్‌షాట్‌ని క్రాప్ చేసి పెట్టినా, కొన్ని టూల్స్ కత్తిరించిన భాగాన్ని కూడా ఫైలులో ఉంచేస్తాయి. దీన్ని కనిపెట్టడం తేలికే: పీడీఎఫ్ తెరిచి అంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, ఒక నోట్‌లో పేస్ట్ చేయండి. మీరు దాచాననుకున్నది అందులో ఉందేమో చూడండి. తెలుగు అక్షరాలు పేస్ట్ చేస్తే గజిబిజిగా రావొచ్చు, అంకెలూ ఇంగ్లిష్ మాటలూ మాత్రం మామూలుగా స్పష్టంగానే వస్తాయి. ఇమేజ్‌గా ఉన్న స్క్రీన్‌షాట్ మాత్రం ఈ పరీక్షకు దొరకదు, అందుకని దాన్ని ముందే బయట క్రాప్ చేసి, సేవ్ చేసి, ఆ కొత్త ఫైలునే స్లైడ్‌లో పెట్టాలి.

## ఇమేజీలతో చేసిన పీడీఎఫ్

పైన చెప్పిన పొరల భయం ఉన్నప్పుడు, లేదా ఫాంట్, నీడ, పారదర్శకత లాంటివి పీడీఎఫ్‌లో తేడాగా వస్తున్నప్పుడు, స్లైడ్లను ముందు పీఎన్‌జీలుగా తీసి వాటినే పీడీఎఫ్‌గా కుట్టేయొచ్చు. కాన్వాలో `Flatten PDF` అని టిక్ పెట్టే చోట జరిగేది కూడా ఇదే తరహా పని, పేజీ మొత్తం ఒకే బొమ్మ అవుతుంది.

ఇందులో పోగొట్టుకునేది అక్షరాల పదును. 1080 పిక్సెళ్ల ఇమేజీలతో కుడితే, కంప్యూటర్‌లో ఫుల్ స్క్రీన్ చేసి చదివేవాళ్లకు సన్నటి ఒత్తులు అలికినట్టు కనిపిస్తాయి. అందుకని ఈ దారిలో వెళ్తే ఇమేజీలు రెండింతలు, అంటే 2160×2700లో తీయండి. సైజు పెరుగుతుంది, అయినా పది స్లైడ్లు రంగూ అక్షరాలే కాబట్టి 100 ఎంబీకి చాలా దూరంలోనే ఉంటారు. నా మట్టుకు, దాచాల్సింది ఏదైనా ఉంటే తప్ప ఈ పద్ధతికి వెళ్లను.

## పీఎన్‌జీనా, జేపీజీనా

ఇన్‌స్టాగ్రామ్‌కి ఇచ్చేటప్పుడు వచ్చే ప్రశ్న ఇది. పీఎన్‌జీలో ఒక్క పిక్సెల్ కూడా మారదు. జేపీజీ కొంత సమాచారం వదిలేసి సైజు తగ్గిస్తుంది. ఫొటోలో ఆ వదిలేసింది కంటికి ఆనదు. రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద అక్షరం ఉంటే దాని చుట్టూ దుమ్ము లేచినట్టు చిన్న చిన్న మచ్చలు వస్తాయి. ముదురు రంగు మీద సన్నటి ఎర్ర అక్షరాలు పెడితే ఇంకా అధ్వానం, ఎందుకంటే జేపీజీ చాలాసార్లు వెలుగుని పూర్తి వివరంగా ఉంచి రంగుని సగం వివరంతోనే దాచుకుంటుంది. తెలుపు మీద నలుపుకి ఈ బాధ తక్కువ.

ఎలాగూ ఇన్‌స్టాగ్రామ్ తన పద్ధతిలో మళ్లీ కుదించుకుంటుంది కదా, పీఎన్‌జీ ఇస్తే మాత్రం ఒరిగేదేంటి అని అడగొచ్చు. ఒరిగేది ఉంది. పీఎన్‌జీ ఇస్తే కుదింపు ఒక్కసారే జరుగుతుంది. జేపీజీ ఇస్తే మీ దగ్గర ఒకసారి, వాళ్ల దగ్గర ఇంకోసారి. మొదటిసారి వచ్చిన మచ్చలను రెండోసారి అది అసలు వివరాలనుకుని వాటినీ కాపాడటానికి ప్రయత్నిస్తుంది. కాబట్టి అక్షరాల స్లైడ్లకు పీఎన్‌జీ, పేజీ నిండా ఫొటో ఉన్నవాటికి తొంభైకి పైన క్వాలిటీలో జేపీజీ. ఒకే పోస్టులో రెండు రకాలు కలిపి పెట్టినా ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లో ఇబ్బంది ఉండదు. షెడ్యూల్ చేసే టూల్ ద్వారా పెట్టేవాళ్లు మాత్రం ఆ టూల్ ఏ ఫార్మాట్ తీసుకుంటుందో, ఎన్ని ఫొటోల వరకు తీసుకుంటుందో చూసుకోవాలి. యాప్‌లో ఉన్న పరిమితే అక్కడా ఉంటుందని అనుకోవద్దు.

సైజు సరిగా ఉందో లేదో అంచనా వేయడానికి ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. 1080×1350 అంటే దాదాపు పద్నాలుగున్నర లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున అసలేమీ కుదించకపోయినా 4.4 ఎంబీ దాటదు. పారదర్శకత కూడా ఉంటే నాలుగు బైట్లు, అప్పుడు 5.8 ఎంబీ. కాబట్టి ఒక పీఎన్‌జీ పది ఎంబీ ఉందంటే మీరు 1080లో కాకుండా రెండింతల సైజులోనో ఇంకా పైనో తీశారన్నమాట. అదే అక్షరాలు మాత్రమే ఉన్న స్లైడ్ మూడు ఎంబీ వచ్చిందంటే ఆ గింజల టెక్స్చర్ ఇక్కడ కూడా ఉంది. ఒకే రంగు మీద అక్షరాలుంటే పీఎన్‌జీ మామూలుగా కొన్ని వందల కేబీలే ఉంటుంది.

పెద్ద సైజులో తీసి ఇస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకా బాగా కనిపిస్తుందా? కనిపించదు. 1080 కంటే వెడల్పుగా ఉన్నదాన్ని అది 1080కి దించేస్తుంది. ఆ దించడం మీ చేతుల్లో ఉండదు, సన్న గీతలు కొన్ని మందంగా, కొన్ని పలచగా తేలతాయి. సరిగ్గా 1080లోనే తీసివ్వడం మేలు. పవర్‌పాయింట్ వాడేవాళ్లకు దీనికి వ్యతిరేకమైన సమస్య వస్తుంది. విండోస్‌లో అది ఇమేజీలను మామూలుగా 96 డీపీఐలో తీస్తుంది. స్లైడ్ వెడల్పు 7.5 అంగుళాలు ఉంటే 720 పిక్సెళ్లే వస్తాయి. స్లైడ్ సైజుని ముందే 11.25 × 14.06 అంగుళాలుగా పెట్టుకుంటే 1080×1350కి సరిపోతుంది.

పీఎన్‌జీతో ఇంకో చిన్న ఉచ్చు ఉంది. స్లైడ్‌కి బ్యాక్‌గ్రౌండ్ రంగు పెట్టడం మరిచిపోయి పారదర్శకంగా తీస్తే మీ దగ్గర తెల్లగానే కనిపిస్తుంది. అప్‌లోడ్ అయ్యాక జేపీజీగా మారేటప్పుడు ఆ ఖాళీ నల్లగా మారిపోవచ్చు. నల్ల అక్షరాలు, నల్ల నేల. బ్యాక్‌గ్రౌండ్ తెలుపే అయినా సరే, తెల్ల రంగుని పెట్టి తీయండి.

## కొలత, అంచులు

ఇన్‌స్టాగ్రామ్ కరౌసెల్‌లో మొదటి ఫొటో కొలత ఏదైతే మిగతావన్నీ దానికే కత్తిరించబడతాయి. మొదటిది చతురస్రం అయితే నిలువు స్లైడ్ల తలా పాదమూ పోతాయి. ఎన్ని స్లైడ్లున్నా కొలత ఒక్కటే ఉండాలి.

2025 జనవరి నుంచి ప్రొఫైల్‌లో కనిపించే గళ్లు 3:4 కొలతకి మారాయి. మన 1080×1350 అనేది 4:5. గడిలో కనిపించేటప్పుడు నిలువు మొత్తం పట్టాలంటే వెడల్పు 1012 పిక్సెళ్లే చాలు కాబట్టి, రెండు వైపులా చెరో 34 పిక్సెళ్లు కనిపించవు. పోస్టు తెరిస్తే మామూలుగానే ఉంటుంది. మొదటి స్లైడ్‌లో శీర్షికని అంచుకి ఆనించి పెట్టేవాళ్లు కనీసం 60 పిక్సెళ్ల జాగా వదలండి, తెగిన అక్షరంతో ప్రొఫైల్ ఎబ్బెట్టుగా ఉంటుంది.

అక్షరం సైజు విషయానికి వస్తే, ఫోన్‌లో స్లైడ్ దాదాపు మూడో వంతు కొలతలో కనిపిస్తుంది. డిజైన్‌లో 30 పెట్టిన అక్షరం చదివేటప్పుడు 10గా ఉంటుంది. కింద ఒత్తు, పైన గుడి ఉన్న తెలుగు అక్షరానికి అది చాలదు. డిజైన్ టూల్‌లో జూమ్ 33 శాతానికి తగ్గించి, వెనక్కి వాలి చదవండి. కళ్లు చిట్లించాల్సి వస్తే ఏ ఫార్మాట్‌లో తీసినా లాభం లేదు.

## వరుస ఎక్కడ చెడుతుంది

పీడీఎఫ్‌లో వరుస ఫైలులోనే బిగిసి ఉంటుంది, అందువల్ల అప్‌లోడ్‌లో మారదు. చెడితే ఎక్స్‌పోర్ట్‌లోనే చెడాలి. ఫిగ్మాలో ఫ్రేములను పీడీఎఫ్‌గా తీసేటప్పుడు కాన్వాస్ మీద అటూ ఇటూ జరిపి పెట్టిన ఫ్రేములు మీరనుకున్న వరుసలో రాకపోవచ్చు. పక్కన పారేసిన పాత డ్రాఫ్ట్ ఫ్రేము కూడా పేజీగా వచ్చేస్తుంది. పేజీల సంఖ్య పన్నెండుకి బదులు పదమూడు కనిపిస్తే దాని కోసమే వెతకండి.

ఇమేజీలలో అసలు గొడవ పేర్ల దగ్గర. `1.png`, `2.png` అంటూ `12.png` వరకు ఫైళ్లు వచ్చాయనుకోండి. కొన్ని చోట్ల వీటిని అంకెల్లా కాకుండా అక్షరాల్లా పేరుస్తారు. అప్పుడు వరుస ఇలా అవుతుంది: 1, 10, 11, 12, 2, 3. కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో సరిగా కనిపించి, అప్‌లోడ్ చేసే పేజీలోకి వెళ్లాక ఇలా మారిందంటే కారణం ఇదే. `01.png`, `02.png` అని ముందు సున్నా పెడితే ఏ పద్ధతిలో పేర్చినా వరుస నిలుస్తుంది.

పీడీఎఫ్ ఒకటి సరిగా తయారయ్యాక, ఇమేజీలను మళ్లీ డిజైన్ టూల్ నుంచి తీయకుండా ఆ పీడీఎఫ్ నుంచే తీసుకోవడం నాకు నచ్చిన దారి. రెండు చోట్లా ఒకే వెర్షన్ వెళ్తుంది, పాప్లర్‌లోనే ఉన్న ఈ కమాండ్ సున్నాలు కూడా దానంతట అదే పెడుతుంది.

```
pdftoppm -png -scale-to-x 1080 -scale-to-y 1350 deck.pdf slide
```

దీంతో `slide-01.png` నుంచి `slide-12.png` వరకు వస్తాయి. ఫొటోలున్న రెండు స్లైడ్లు బరువనిపిస్తే వాటిని మాత్రం జేపీజీగా మార్చుకోవచ్చు.

ఫోన్‌లోకి పంపేటప్పుడు ఇంకో రెండు జాగ్రత్తలు. వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపితే కుదించి పంపుతుంది, ఇంతసేపు పడిన శ్రమంతా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా క్లౌడ్ డ్రైవ్ నుంచి దించుకోండి. రెండోది, ఫోన్ గ్యాలరీ పేరుని చూడదు, సేవ్ అయిన సమయాన్ని చూస్తుంది. పన్నెండూ ఒకేసారి దిగితే వరుస ఎలాగైనా ఉండొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు ఏ వరుసలో నొక్కితే అదే వరుస, నొక్కిన ప్రతి ఫొటో మీదా అంకె పడుతుంది. స్లైడ్ మూలలో చిన్నగా 3/12 లాంటి అంకె డిజైన్‌లోనే ఉంటే, పడిన అంకెతో దాన్ని పోల్చి చూసుకుంటూ పోవచ్చు. చదివేవాళ్లకు కూడా ఇంకా ఎంత ఉందో తెలుస్తుంది.

## ఎవరికి ఏది

లింక్డ్‌ఇన్ మాత్రమే వాడేవాళ్లు, స్లైడ్లలో ఎక్కువగా అక్షరాలే ఉన్నవాళ్లు మామూలు పీడీఎఫ్, స్క్రీన్‌కి సరిపోయే సెట్టింగ్ తీసుకుంటే చాలు. కాన్వాలో అది `PDF Standard`. ఫొటోలే ప్రాణమైనవాళ్లకు, అంటే ఆర్కిటెక్చర్, ఫొటోగ్రఫీ లాంటి పనివాళ్లకు, 96 డీపీఐ ఫుల్ స్క్రీన్‌లో కొంచెం మెత్తగా అనిపించొచ్చు. వాళ్లు `PDF Print` తీసి, ఫైలు ఇరవై ముప్ఫై ఎంబీ అయినా వెనకాడనక్కర్లేదు, పరిమితికి లోపలే ఉంది. కానీ అందులో సీఎంవైకే రంగుల ఆప్షన్ కనిపిస్తే ముట్టుకోవద్దు. అది ప్రింటింగ్ కోసం. స్క్రీన్ మీద ఆకుపచ్చలు, నీలాలు వాడిపోయినట్టు వస్తాయి.

ఇన్‌స్టాగ్రామ్ మాత్రమే అయితే 1080 వెడల్పు, అక్షరాలకు పీఎన్‌జీ, ఫొటోలకు జేపీజీ. నెట్ నెమ్మదిగా ఉండి అప్‌లోడ్ మధ్యలో ఆగిపోతుంటే అన్నీ 95 క్వాలిటీ జేపీజీలో ఇచ్చినా పెద్దగా నష్టం లేదు, ఆ ముదురు రంగు మీద ఎర్ర అక్షరాల స్లైడ్ ఒక్కటి తప్ప.

క్లయింట్ల కోసం పని చేసేవాళ్ల లెక్క వేరు. డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లో అక్షరాలు విడిగా ఉంటాయి కాబట్టి మీ స్లైడ్లను ఇంకెవరైనా తెరిచి మాటలు మార్చుకోవడం తేలిక. అది అభ్యంతరమైతే, లేదా స్లైడ్లలో క్లయింట్ స్క్రీన్‌షాట్లు ఉంటే, ఇమేజీలతో చేసిన పీడీఎఫ్‌కే వెళ్లండి. పదును కొంత తగ్గినా ఫరవాలేదు.

## బటన్ నొక్కే ముందు

మన పన్నెండు స్లైడ్ల విషయంలో చివరికి చేసేది ఇది. టెక్స్చర్ మొదటి స్లైడ్‌కే ఉంచి `PDF Standard` తీస్తాం. పేజీలు పన్నెండు, అన్నీ ఒకే కొలత, ఫాంట్లన్నీ ఇమిడి ఉన్నాయని చూస్తాం. అదే పీడీఎఫ్ నుంచి పన్నెండు పీఎన్‌జీలు తీసి, వాటిని ఫోల్డర్‌లో పెద్ద ఐకాన్లుగా పెట్టుకుని ఒక చూపులో వరుస చూస్తాం. ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి మొదటి స్లైడ్, చివరి స్లైడ్, అన్నిటికంటే ఎక్కువ అక్షరాలున్న స్లైడ్ జూమ్ చేయకుండా చదువుతాం.

లింక్డ్‌ఇన్‌లో అప్‌లోడ్ అయ్యాక, పోస్ట్ నొక్కే ముందు, అది డాక్యుమెంట్‌కి ఒక పేరు అడుగుతుంది. అక్కడ `final_v3_new` లాంటి ఫైలు పేరు వదిలేయకండి, అది అందరికీ కనిపిస్తుంది. ప్రివ్యూలో కూడా పేజీలు తిప్పి చూడొచ్చు. పోస్ట్ అయిన వెంటనే ఇంకో ఫోన్ నుంచో, ఇంకో అకౌంట్ నుంచో తెరిచి చివరి పేజీ దాకా జరపండి. తప్పు దొరికితే కామెంట్లు రాకముందే తీసేసి మళ్లీ పెట్టండి. గంట గడిచి నలుగురు మాట్లాడాక అయితే, తప్పు అంకెలోనో పేరులోనో ఉంటే తప్ప, సవరణ మొదటి కామెంట్‌లో రాసి ఊరుకోవడమే నయం.